అంకణానికి ఎన్ని అడుగులు? కాంట్రాక్టు చట్టంలో పొరపాటు, చెల్లకుండా పోయే ఒప్పందం

నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతి వైపు వెళితే అదే అంకణం 36 చదరపు అడుగులు, అంటే నాలుగు గజాలు. రెండు ఊళ్లలోనూ ఇళ్ల స్థలాల బేరాలు అంకణాల్లోనే సాగుతాయి కాబట్టి, ఈ తేడా తెలియని ఇద్దరు ఒక కాగితం మీద సంతకాలు చేస్తే ఏమవుతుందన్నది ఊహకు అందని ప్రశ్న కాదు. తిరుపతికి చెందిన యజమాని ఒకరు, రెండు ఊళ్లకూ నడుమ ఉన్న తన స్థలంలో రోడ్డు వైపు నుంచి 100 అంకణాలు, అంకణం 60,000 రూపాయల చొప్పున అమ్ముతానని రాసి ఇచ్చారని, నెల్లూరుకు చెందిన ఒకరు కొంటానని ఒప్పుకుని ఆరు లక్షలు బయానా ఇచ్చారని అనుకుందాం. కాగితం మీద మొత్తం ధర 60 లక్షలు. అమ్మే మనిషి మనసులో ఉన్నది 400 గజాలు, గజం 15,000. కొనే మనిషి మనసులో ఉన్నది 800 గజాలు, గజం 7,500. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చే దాకా ఇద్దరికీ అనుమానం రాలేదు. మూడు నెలల్లో మిగతా సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే బయానా పోయినట్లేనని కాగితంలో షరతు కూడా ఉంది.

ఈ తగాదా కోర్టుకు వెళితే ఎవరు అబద్ధమాడుతున్నారన్నది అసలు ప్రశ్న కాదు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. పొరపాటు ఎవరిది, దేని గురించి, ఆ పొరపాటు ఒప్పందపు మూలాన్ని తాకిందా అన్నవే ప్రశ్నలు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఈ మూడింటికీ 20, 21, 22 సెక్షన్లలో చాలా తక్కువ మాటలతో జవాబు చెప్పింది. ఇరుపక్షాలూ ఒప్పందానికి ఆవశ్యకమైన వాస్తవం విషయంలో పొరబడితే ఒప్పందం చెల్లదని 20వ సెక్షన్ అంటుంది. దేశంలో అమల్లో ఉన్న చట్టం గురించి పొరబడ్డామన్న కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకోవడం కుదరదని 21వ సెక్షన్ అంటుంది. ఒక పక్షం మాత్రమే వాస్తవం విషయంలో పొరబడితే, కేవలం ఆ కారణంతో ఒప్పందం రద్దుచేసుకోదగ్గది కాదని 22వ సెక్షన్ అంటుంది. ఈ మూడో వాక్యంలోని ‘కేవలం’ అనే మాట చిన్నదిగా కనిపించినా దాని వెనుక చాలా ఉంది.

పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఉమ్మడి పొరపాటు, పరస్పర పొరపాటు అనే పేర్లు 20వ సెక్షన్‌లో లేవు. ఆ సెక్షన్ ‘ఇరుపక్షాలూ’ అన్న ఒక్క మాటతో రెండింటినీ కలిపేసింది. తీర్పుల్లో సైతం ఒకదాని పేరు మరొకదానికి వాడిన సందర్భాలున్నాయి. అయినా ఈ రెండింటినీ విడదీసి చూడడం అవసరం, ఎందుకంటే ఒప్పందం చెల్లకపోవడానికి రెండింట్లోనూ కారణాలు వేరు. ఉమ్మడి పొరపాటులో ఇద్దరి మనసులూ కలిశాయి. ఇద్దరూ ఒకే మాట అనుకున్నారు, కానీ ఆ మాట దేని మీద నిలబడిందో ఆ వాస్తవమే లేదు. పరస్పర పొరపాటులో మనసులు అసలు కలవనే లేదు. ఒకరు ఒకటి అనుకున్నారు, రెండోవారు మరొకటి అనుకున్నారు, నోట వచ్చిన మాట మాత్రం ఒకటే. మొదటిదానిలో ఒప్పందం పుట్టింది గానీ నిలబడే నేల లేదు. రెండోదానిలో పుట్టిందనుకున్న ఒప్పందం పుట్టనేలేదు. ఒకే అర్థంలో ఒకే విషయానికి ఇద్దరూ ఒప్పుకుంటేనే సమ్మతి అవుతుందని 13వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఈ రెండో రకానికి 20వ సెక్షన్‌తో పాటు 13వ సెక్షన్ కూడా ఆధారమవుతుంది.

మన అంకణాల తగాదాకు అతి దగ్గరి కేసు పంజాబ్ నుంచి వచ్చింది. పాటియాలా జిల్లాలోని ఒక గ్రామంలో, అక్కడి కొలతల్లో 48 కనాళ్ల 11 మరలాల సాగుభూమి అమ్మకానికి 1988 మే 20న ఒప్పందం కుదిరింది, 77,000 రూపాయలు బయానాగా చేతులు మారాయి. రిజిస్ట్రేషన్ జరగలేదు. కొన్నవారు ఒప్పందం అమలు చేయించాలని దావా వేస్తే మొదటి కోర్టు డిక్రీ ఇచ్చింది. అప్పీలు విన్న జిల్లా కోర్టు మాత్రం లోతుకు వెళ్లి, ఎంత భూమి అన్న విషయంలోనూ, ధర కనాలుకా, మరో కొలత అయిన బిఘాకా అన్న విషయంలోనూ ఇరుపక్షాలూ పొరబడ్డారని తేల్చింది. కొనేవారు తమ వంతు నెరవేర్చడానికి సిద్ధంగా లేరని కూడా చెప్పి, అమలు డిక్రీని కొట్టివేసి, బయానా సొమ్ము వాపసు ఇమ్మంది. హైకోర్టు జోక్యం చేసుకోలేదు. అమ్మకందారు సుప్రీంకోర్టుకు వెళ్లి, కొనేవారు తప్పారు కాబట్టి షరతు ప్రకారం బయానా తనకే దక్కాలని వాదించారు. తర్సేమ్ సింగ్ వర్సెస్ సుఖ్‌మిందర్ సింగ్ పేరుతో 1998లో వచ్చిన ఆ తీర్పు, ఈ వాదనకు ఇచ్చిన జవాబు వల్లనే గుర్తుపెట్టుకోదగ్గది. భూమి కొలత, దాని ధర ఒప్పందానికి ఆవశ్యకమైన వాస్తవాలు. వాటి విషయంలో ఇద్దరూ పొరబడితే 20వ సెక్షన్ ప్రకారం ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు. చెల్లని ఒప్పందంలోని బయానా జప్తు షరతు కూడా దానితోపాటే పోతుంది, మిగతా కాగితం చెల్లక ఆ ఒక్క షరతు మాత్రం బతికి ఉండదు. ఒప్పందం చెల్లదని తేలినప్పుడు దాని కింద పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలన్న 65వ సెక్షన్ ప్రకారం బయానా వాపసు ఇవ్వాల్సిందే.

కొనేవారు సిద్ధంగా లేకపోవడమన్నది ఇక్కడ ఎందుకు అక్కరకు రాలేదో గమనించాలి. ఒప్పందం చెల్లుబాటయ్యేదైతే, తప్పినవారెవరో తేలాక జప్తు షరతు పనిచేస్తుంది. చెల్లని ఒప్పందంలో తప్పడానికి బాధ్యతే లేదు. మన దగ్గర భూముల దావాల్లో అమ్మేవారి వైపు వాదన తరచూ గడువు దాటిందన్న చోటే మొదలై అక్కడే ముగుస్తుంది. కొలత మీదే ఇద్దరికీ ఏకీభావం లేదని రుజువైతే గడువు ప్రశ్నకు చోటు ఉండదు.

అయితే అంకణం అన్న మాటకు రెండు అర్థాలున్నంత మాత్రాన మన ఊహా ఒప్పందం చెల్లకుండా పోదు. కోర్టు మనసుల్లోకి తొంగి చూడదు, చూడలేదు. కాగితం, దాని చుట్టూ ఉన్న పరిస్థితులు చూసి, బుద్ధిమంతుడైన మూడో మనిషి దానిని ఎలా అర్థం చేసుకుంటాడో అడుగుతుంది. ఆ మూడో మనిషికి ఒకే అర్థం స్పష్టంగా తోస్తే ఆ అర్థమే ఒప్పందం. వేరుగా అనుకున్న పక్షానిది ఏకపక్ష పొరపాటు అవుతుంది, 22వ సెక్షన్ ప్రకారం అతడు ఒప్పందానికి కట్టుబడాలి. రెండు అర్థాలూ సమానంగా నిలిచి, ఏదీ పైచేయి కాకపోతేనే పరస్పర పొరపాటు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ సూరత్ పత్తిది. 1864లో ఇంగ్లండ్ కోర్టు ముందుకు వచ్చిన రాఫెల్స్ వర్సెస్ విచెల్‌హౌస్ కేసులో, బొంబాయి నుంచి ‘పీర్‌లెస్’ అనే ఓడలో వచ్చే 125 బేళ్ల పత్తి కొనడానికి లివర్‌పూల్‌లో ఒప్పందం జరిగింది. అదే పేరుతో రెండు ఓడలు ఉన్నాయి. ఒకటి అక్టోబరులో బొంబాయి వదిలింది, రెండోది డిసెంబరులో. కొన్నవారు అక్టోబరు ఓడ అనుకున్నారు, అమ్మినవారు డిసెంబరు ఓడలో పత్తి పంపారు. కాగితంలో ‘పీర్‌లెస్’ అని తప్ప మరే ఆనవాలూ లేదు. సరుకు తీసుకోలేదని అమ్మినవారు వేసిన దావా నెగ్గలేదు. కోర్టు వివరంగా కారణాలు రాయకపోయినా, తర్వాతి న్యాయశాస్త్రమంతా ఆ తీర్పును మనసులు కలవని ఒప్పందానికి ఆనవాలుగా తీసుకుంది. ఒప్పందంలో ‘అక్టోబరులో బయలుదేరే’ అన్న రెండు మాటలు ఉండి ఉంటే ఆ కేసు మరోలా ముగిసేది.

ఈ లెక్కన మన స్థలం తగాదాలో ఏమేమి చూడాలి? ముందుగా స్థలం ఎక్కడ ఉందో చూడాలి. అది నెల్లూరు నడిబొడ్డున ఉండి, చుట్టుపక్కల దస్తావేజులన్నీ 72 అడుగుల లెక్కనే రాసి ఉంటే, అక్కడ అమ్మకానికి పెట్టిన మనిషి తన ఊరి అంకణమే మనసులో పెట్టుకున్నానంటే వినడం కష్టం. అది అతడి ఏకపక్ష పొరపాటు. తర్వాత ధర. ఆ వీధిలో గజం 15,000 దాకా పలుకుతోందని, కొనేవారికి ఆ సంగతి తెలుసని తేలితే, 7,500కే దొరుకుతోందని నమ్మానన్న మాట బలహీనపడుతుంది. ఆ తర్వాత హద్దులు. కాగితంలో నాలుగు వైపులా హద్దులు రాసి, ఆ హద్దుల మధ్య ఉన్నదంతా మొత్తంగా 60 లక్షలకు అని ఉంటే, విస్తీర్ణంలో తేడా వచ్చినా హద్దులకే విలువ ఇవ్వడం మన కోర్టుల్లో స్థిరపడిన పద్ధతి. అప్పుడు అంకణాల సంఖ్య కేవలం వర్ణన అవుతుంది, ఆవశ్యకమైన వాస్తవం కాదు. మన కాగితంలో మాత్రం ధర అంకణం చొప్పున కట్టారు, రోడ్డు వైపు నుంచి 100 అని తప్ప వెనక హద్దు లేదు. వెనక గీత ఎక్కడ గీయాలో అంకణపు కొలతే చెప్పాలి. కాబట్టి స్థలం రెండు పద్ధతులూ కలగలిసి ఉన్న చోట ఉండి, మార్కెట్ ధర రెండు లెక్కలకూ నడుమ ఎక్కడో ఉంటే, అది తర్సేమ్ సింగ్ కేసు పక్కన చేరుతుంది.

రాతపూర్వక కాగితానికి విరుద్ధంగా నోటి మాట సాక్ష్యం చెల్లదన్న నియమం ఇక్కడ అడ్డు రాదు. పాత సాక్ష్య చట్టం 92వ సెక్షన్‌లోని మొదటి మినహాయింపు, ఇప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 95వ సెక్షన్‌లో ఉన్నది, పొరపాటును రుజువు చేయడానికి నోటి సాక్ష్యాన్ని అనుమతిస్తుంది. బేరం కుదిర్చిన మధ్యవర్తి మాట, బేరం నాటి వాట్సాప్ సందేశాలు, అమ్మేవారి పాత దస్తావేజులో కొలత ఎలా రాశారన్నది, ఇవన్నీ అందుకే లెక్కకు వస్తాయి.

ఇదే స్థలం విషయంలో కథ కొంచెం మార్చితే ఉమ్మడి పొరపాటు ఎలా ఉంటుందో కనిపిస్తుంది. అంకణం ఎంతో ఇద్దరికీ ఒకటే తెలుసు, కొలతలో తగాదా లేదు. కానీ సంతకాలు చేసిన నాటికి పది రోజుల ముందే ఆ స్థలం రోడ్డు విస్తరణ కోసం భూసేకరణలో ప్రభుత్వానికి దఖలు పడిపోయింది, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. ఇక్కడ మనసులు కలిశాయి. అమ్మడానికి వస్తువే లేదు. చట్టం తనే ఇచ్చిన ఉదాహరణలు ఈ పోలికవే: ఇంగ్లండ్ నుంచి బొంబాయికి వస్తోందనుకుని బేరమాడిన సరుకు, బేరం నాటికే ఓడతో పాటు మునిగిపోయి ఉండడం, అమ్మకానికి పెట్టిన గుర్రం బేరం నాటికే చచ్చిపోయి ఉండడం. రెండింట్లోనూ కీలకం ‘బేరం నాటికే’ అన్నది. భూసేకరణ సంతకాల తర్వాత జరిగితే అది పొరపాటు కాదు, తర్వాత వచ్చిన అసాధ్యం, దానికి 56వ సెక్షన్ వర్తిస్తుంది. సంతకాల ముందే జరిగి అమ్మేవారికి తెలిసి ఉంటే అది మోసం. అప్పుడు ఒప్పందం చెల్లనిది కాదు, మోసపోయినవారి ఇష్టం మీద రద్దుచేసుకోదగ్గది, దానితోపాటు నష్టపరిహారమూ అడగవచ్చు. ఒకే సంఘటన, తేదీ మారినా, ఎవరికి తెలుసన్నది మారినా, మూడు వేర్వేరు సెక్షన్లలోకి జరిగిపోతుంది. దావా రాసేటప్పుడు ప్రకటన వెలువడిన తేదీ, అవార్డు తేదీ, స్వాధీనం తేదీ వరుసగా రాసుకోకుండా పొరపాటు అని ఒక్క మాటలో తేల్చేస్తే, తర్వాత దానిని సరిదిద్దుకోవడం కష్టం.

ఉమ్మడి పొరపాటు ఎంత పెద్దదైతే ఒప్పందం చెల్లకుండా పోతుందన్నది అన్నిటికన్నా గడ్డు ప్రశ్న. వస్తువు లేకపోవడం తేలికైన సంగతి. వస్తువు ఉండి, ఇద్దరూ అనుకున్న లక్షణం లేకపోతేనే చిక్కు. 2002లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు చూసిన ‘గ్రేట్ పీస్’ కేసు ఈ గీత ఎక్కడ ఉందో బాగా చూపిస్తుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో ‘కేప్ ప్రావిడెన్స్’ అనే ఓడ దెబ్బతింది. అవసరమైతే అందులోని సిబ్బందిని దించుకోవడానికి దగ్గరలో ఉన్న మరో ఓడను ‘గ్రేట్ పీస్’ను అద్దెకు మాట్లాడారు, కనీసం ఐదు రోజుల అద్దె ఇస్తామన్నారు. రెండు ఓడల మధ్య దూరం 35 మైళ్లని ఇరుపక్షాలూ నమ్మాయి. నిజానికి అది 410 మైళ్లు. దూరం తెలిసిన వెంటనే అద్దెకు తీసుకున్నవారు ఒప్పందం వదిలేసుకున్నారా అంటే లేదు. ఇంతకన్నా దగ్గరలో మరో ఓడ దొరికిన తర్వాతే రద్దు చేశారు. అది చూసి కోర్టు, 410 మైళ్ల దూరం నుంచి వచ్చినా ఆ ఓడ చేసే సాయం అసలు ఒప్పుకున్న సాయానికి మౌలికంగా వేరేది కాదని, ఒప్పందం చెల్లుతుందని, ఐదు రోజుల అద్దె కట్టాల్సిందేనని తీర్పు చెప్పింది. నెరవేర్చడం అసాధ్యమైందా, లేక కేవలం లాభం తగ్గిందా అన్నదే గీటురాయి. పొరబడిన పక్షం నిజం తెలిశాక ఎలా నడుచుకుందన్నది దానికి మంచి సాక్ష్యం.

20వ సెక్షన్‌కు ఉన్న వివరణ ఇదే గీతను ఇంకో వైపు నుంచి గీస్తుంది. వస్తువు విలువ గురించి తప్పు అభిప్రాయం వాస్తవం గురించిన పొరపాటు కాదని అది చెబుతుంది. ఆ స్థలం పక్కనే రింగు రోడ్డు వస్తుందని ఇద్దరూ నమ్మి గజం 15,000కు బేరం చేసుకున్నారు, రోడ్డు ఇంకో ఊరి మీదుగా వెళ్లింది. స్థలం ఉంది, కొలత సరిపోయింది, హక్కు ఉంది. ధర మాత్రమే పడిపోయింది. ఇది 20వ సెక్షన్ దరిదాపుల్లోకి రాదు, పైగా రేపు రాబోయే రోడ్డు గురించిన ఆశ ఈ రోజు వాస్తవమే కాదు. రియల్ ఎస్టేట్ జోరు తగ్గిన ప్రతిసారీ ఈ వాదన కొత్త మాటల్లో ముందుకు వస్తుంది, ప్రతిసారీ ఈ వివరణే దాన్ని ఆపుతుంది, ఆపడమే సబబు. ధర తప్పిన ప్రతి బేరమూ చెల్లకపోతే బేరమన్న మాటకు అర్థం ఉండదు.

చట్టం గురించిన పొరపాటును 21వ సెక్షన్ ఒక్క మాటతో పక్కన పెట్టినా, మన ప్రాంతంలో దాన్ని గుర్తించడం అంత సులభం కాదు. అసైన్డ్ భూములు దీనికి నిలువెత్తు ఉదాహరణ. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి 9వ నంబరు చట్టం నిషేధించింది. తర్వాత వచ్చిన సవరణల సంగతి అలా ఉంచితే, ఇద్దరూ ఆ భూమి పట్టా భూమేనని నమ్మి ఉంటే అది భూమి స్వభావం గురించిన పొరపాటు, వాస్తవం గురించినది. అసైన్డ్ అని తెలుసు, అమ్మకూడదని మాత్రం తెలియదంటే అది చట్టం గురించినది. రెండు సందర్భాల్లోనూ అమ్మకం నిషేధం వల్లనే చెల్లదు కాబట్టి తేడా లేనట్లు కనిపిస్తుంది. తేడా డబ్బు దగ్గర వస్తుంది. ఒప్పందం చెల్లదని తర్వాత తెలిసినవారికి 65వ సెక్షన్ తలుపు తెరుస్తుంది. నిషేధం ఉందని తెలిసే చేతులు కలిపిన ఇద్దరిలో ఒకరు డబ్బు వెనక్కి ఇప్పించమని వస్తే కోర్టు సాధారణంగా ఆదుకోదు.

ఇక ఏకపక్ష పొరపాటు. దీనికి బొంబాయి హైకోర్టు 1892 నాటి తీర్పు ఒకటి మన నేల మీది మంచి ఉదాహరణ. హజ్ యాత్రికులను జెడ్డా నుంచి బొంబాయికి తీసుకురావడానికి ఒక వ్యాపారి ఆవిరి ఓడను అద్దెకు మాట్లాడుకున్నారు. హజ్ అయిన పదిహేనో రోజుకు ఓడ బయలుదేరాలని ఆయన ఉద్దేశం. అది 1892 ఆగస్టు 10 అవుతుందని నమ్మి, కాగితంలో ఆ తేదీ రాయించారు. నిజానికి ఆ పదిహేనో రోజు జులై 19. ఓడ కంపెనీ దృష్టిలో ఉన్నది ఆగస్టు 10 అన్న ఇంగ్లిషు తేదీ మాత్రమే, హజ్ లెక్క వారి బాధ్యత కాదు. తేదీ సరిదిద్దమని వ్యాపారి కోరితే కోర్టు నిరాకరించింది. మూడు వారాలు ముందుగా యాత్రికులు రేవులో ఎదురుచూసే పరిస్థితి కళ్లకు కట్టినా, పొరపాటు ఒక్కరిదే కాబట్టి సరిదిద్దడానికి వీలు లేదు. రాసిన మాట ఇద్దరూ అనుకున్న మాట కాకపోతేనే దస్తావేజును సరిదిద్దుతారు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కూడా ఈ సూత్రాన్నే చెబుతుంది. ఇద్దరూ 72 అడుగులనే అనుకుని రాతగాడు 36 అని రాస్తే సరిదిద్దవచ్చు, ఒక్కరే 72 అనుకుంటే కుదరదు.

ఇక్కడే 22వ సెక్షన్‌లోని ‘కేవలం’ పనిచేస్తుంది. ఒక్కరి పొరపాటు అన్న కారణం ఒక్కటే చాలదు. దానికి మరొకటి తోడైతే సంగతి మారుతుంది. 1939లో ఇంగ్లండ్‌లో కుందేటి చర్మాల అమ్మకపు కేసు వచ్చింది. బేరమంతా తోలుకు ఇంత అని సాగింది. చివరి ప్రతిపాదనలో అమ్మేవారు పొరపాటున పౌను బరువుకు ఇంత అని రాశారు, అలా లెక్కిస్తే ధర దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. కొనేవారు ఆ పొరపాటును గుర్తించక తప్పని పరిస్థితుల్లో, చప్పుడు చేయకుండా ఒప్పేసుకున్నారు. కోర్టు ఒప్పందం లేదంది. ఎదుటివారు ఒప్పందపు షరతు విషయంలో పొరబడ్డారని తెలిసి దానిని పట్టేసుకుంటే సమ్మతి ఒకే అర్థంలో లేనట్లే. దీనికి ఒక ఖచ్చితమైన హద్దు ఉంది. 1871 నాటి స్మిత్ వర్సెస్ హ్యూజ్ కేసులో, కొనేవారు ఓట్స్ ధాన్యం పాతదని అనుకున్నారు, అమ్మినది కొత్తది. ధాన్యం పాతదని కొనేవారు తమలో తాము నమ్ముకుంటే అమ్మేవారు నోరు విప్పాల్సిన పని లేదు. అమ్మేవారు పాతదని హామీ ఇస్తున్నారని కొనేవారు అనుకుంటున్నట్లు అమ్మేవారికి తెలిసి ఉంటేనే ఒప్పందం పడిపోతుంది. ఎదుటివారి అంచనా తప్పితే మౌనం తప్పు కాదు, ఎదుటివారు షరతే తప్పుగా విన్నారని తెలిసి మౌనంగా ఉండడం వేరు.

వేలిముద్ర వేసి మోసపోయినవారి కేసులు ఏకపక్ష పొరపాటులోనే పుట్టి అక్కడ ఆగవు, అందుకే వాటికి ప్రత్యేకంగా చోటు ఇవ్వాలి. 1990లో సుప్రీంకోర్టు దులారియా దేవి కేసులో, చదువురాని ఒక మహిళ కూతురి పేర దానపత్రం రాస్తున్నానని నమ్మి రెండు కాగితాల మీద వేలిముద్రలు వేశారు. అందులో ఒకటి వేరెవరికో అమ్మకపు దస్తావేజు. కాగితంలో ఏముందన్నది కాదు, ఆ కాగితం ఏ రకం కాగితమన్నదే ఆమెకు తెలియదు కాబట్టి సమ్మతి పుట్టనేలేదని, దస్తావేజు మొదటి నుంచీ చెల్లదని కోర్టు తేల్చింది. అంతకు ముందు 1968లో వచ్చిన నింగవ్వ కేసులో మాత్రం, భార్య తాను దానపత్రం రాస్తున్నానని ఎరుగును, భర్త అందులో అదనంగా మరికొన్ని భూములు చేర్చిన సంగతే ఎరుగదు. అక్కడ పొరపాటు కాగితంలోని విషయం గురించినది. ఆ దస్తావేజు రద్దుచేసుకోదగ్గదే తప్ప చెల్లనిది కాదని, కాబట్టి గడువులోగా దావా వేయాల్సిందని కోర్టు అంది. గడువు దాటడంతో ఆ అదనపు భూములు పోయాయి. చెల్లనిదా, రద్దుచేసుకోదగ్గదా అన్న తేడా ఒక కుటుంబానికి పొలం మిగలడమో పోవడమో అయ్యే చోటు ఇది.

మళ్లీ మన అంకణాలకు వస్తే, కోర్టు అది పరస్పర పొరపాటని తేల్చిందనుకుందాం. కొనేవారికి ఆరు లక్షలు వెనక్కి వస్తాయి, జప్తు షరతు దానిని ఆపలేదు. అంతకు మించి ఏమీ రాదు. దావా నడిచిన కాలంలో ఆ వీధిలో గజం 25,000 పలికినా, పెరిగిన ధరలో కొనేవారికి వాటా లేదు, ఎందుకంటే ఒప్పందం భంగమైతే నష్టపరిహారం ఉంటుంది గానీ లేని ఒప్పందానికి భంగమూ ఉండదు. అందువల్ల ధర పెరిగిన స్థలంలో కొనేవారు 72 అడుగులే ఏకైక అర్థమని, అది అమ్మేవారి ఏకపక్ష పొరపాటని వాదిస్తారు, ధర పడిపోయిన స్థలంలో అదే మనిషి పరస్పర పొరపాటని వాదించి బయానా కోరుకుంటారు. ఎవరు ఏ వాదన ఎంచుకున్నా, కోర్టు చూసేది సంతకాలు పడిన రోజు ఆ ఊళ్లో అంకణమంటే ఎంతో, ఆ ఇద్దరూ ఏమేమి మాట్లాడుకున్నారో అన్నదే.